ఒకే షిఫ్ట్ డిలీట్, రెండు డిస్కులు: ఒక కేస్ స్టడీ

షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కితే ఫైల్ రీసైకిల్ బిన్‌లోకి వెళ్లకుండా నేరుగా పోతుంది. పోయిన ఫైళ్లు తిరిగి తెచ్చే పనిలో ఈ షిఫ్ట్ డిలీట్ కేసులు మామూలే. ఈ కేసును విడిగా రాయడానికి కారణం ఉంది. ఒకే మనిషి, ఒకే క్షణంలో, ఒకే కీల జతతో రెండు డిస్కుల మీద ఫైళ్లు పోగొట్టుకుంది. ఒక డిస్కు నుంచి దాదాపు అన్నీ తిరిగొచ్చాయి. రెండోదాని నుంచి దాదాపు ఏమీ రాలేదు. ఆ తేడా ఎందుకు వచ్చిందో తెలిస్తే ఈ అలవాటు ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ కొంప ముంచుతుందో కూడా తెలుస్తుంది.

ఆవిడ వీడియో ఎడిటర్. డాక్యుమెంటరీలు కట్ చేస్తారు. కంప్యూటర్లో రెండు డిస్కులున్నాయి. విండోస్, ప్రోగ్రాములు, నడుస్తున్న ప్రాజెక్టు ఫైళ్లు సీ డ్రైవ్‌లో, అంటే తిరిగే భాగాలు లేకుండా చిప్‌లతో నడిచే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలో ఉంటాయి. పెద్ద ఫుటేజ్, ఆడియో డీ డ్రైవ్‌లో, అంటే మామూలుగా తిరిగే హార్డ్‌డిస్కులో ఉంటాయి. రెండూ విండోస్ మామూలుగా వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లోనే ఉన్నాయి. ముడి రికార్డింగుల కాపీ వేరే ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉంది. ఎడిటింగ్‌లో పుట్టిన పనికి మాత్రం బ్యాకప్ లేదు.

షిఫ్ట్ డిలీట్ ఆవిడకు ఊరికే అలవాటు కాలేదు. ఎడిటింగ్ ప్రోగ్రాములు రెండర్ కాష్ పేరుతో వందల జీబీ తాత్కాలిక ఫైళ్లు పోగేస్తాయి. ఆ రోజు సీ డ్రైవ్‌లో 9 జీబీ మిగిలింది, ఎక్స్‌పోర్ట్‌కు 60 జీబీ దాకా కావాలి. కాష్‌ను మామూలుగా డిలీట్ చేస్తే ఖాళీ స్థలం అంగుళం కూడా పెరగదు. రీసైకిల్ బిన్ వేరే చోటేమీ కాదు మరి. ప్రతి డ్రైవ్‌లోనూ `$Recycle.Bin` అనే దాచిన ఫోల్డర్ ఉంటుంది. డిలీట్ నొక్కినప్పుడు ఫైల్ అదే డ్రైవ్‌లో ఆ ఫోల్డర్ కిందికి చేరుతుంది, పేరు `$R`తో మొదలయ్యేలా మారుతుంది. దాని పక్కనే `$I`తో మొదలయ్యే చిన్న ఫైల్ ఒకటి పుడుతుంది. అసలు ఎక్కడ ఉండేది, సైజు ఎంత, ఎప్పుడు డిలీట్ అయింది అన్నవి అందులో ఉంటాయి. రీస్టోర్ నొక్కితే విండోస్ చదివేది దాన్నే. అంటే ఇదంతా పేరు మార్చడమే, స్థలం అలాగే నిండి ఉంటుంది. బిన్ ఖాళీ చేస్తే తప్ప డిస్కు ఖాళీ కాదు. రోజూ ఈ రెండు మెట్లు ఎక్కలేక ఆవిడ ఒకే మెట్టుకు అలవాటు పడ్డారు. కాష్ విషయంలో అందులో తప్పేమీ లేదు. నేనైనా అదే చేస్తాను.

గొడవ వచ్చింది వెతికే చోట. కాష్ ఫోల్డర్లు రెండు డ్రైవ్‌లలోనూ చెల్లాచెదురుగా ఉండటంతో ఆవిడ `This PC` తెరిచి సెర్చ్ పెట్టెలో `render` అని కొట్టారు. వచ్చిన ఫలితాలను పైపైన చూస్తే అన్నీ `render_cache`లే కనిపించాయి. కంట్రోల్ ఏ కొట్టి, షిఫ్ట్ డిలీట్ నొక్కారు. విండోస్ అడిగింది:

```
Are you sure you want to permanently delete these 214 items?
```

ఒక్క ఫైల్‌ను షిఫ్ట్ డిలీట్ చేస్తే ఆ పెట్టెలో పేరు, రకం, సైజు, తేదీ కనిపిస్తాయి. ఎక్కువ ఎంచుకుంటే అంకె మాత్రమే ఉంటుంది. 214లో ఏవేమున్నాయో చెప్పదు. ఆవిడ ఎంటర్ కొట్టారు. మధ్యలో ఫలానా ఐటమ్ దొరకలేదని రెండు మూడు సార్లు అడ్డు తగిలింది, స్కిప్ చేశారు. ఫోల్డరూ, దానిలోపలి ఫైళ్లూ రెండూ సెర్చ్ ఫలితాల్లో ఉన్నప్పుడు ఇలా అవుతుంది. ముందు ఫోల్డర్ పోతుంది, తర్వాత లోపలి ఫైల్ వంతు వచ్చేసరికి అది అప్పటికే ఉండదు.

ఆ 214లో కాష్ కానివి రెండు ఫోల్డర్లు ఉన్నాయి. డీ డ్రైవ్‌లో `render_audio`: రొద తీసేసి, గొంతులు సరిచేసిన 46 వేవ్ ఆడియో ఫైళ్లు, మొత్తం 11 జీబీ దాకా. సీ డ్రైవ్‌లో `render_project`: ఫైనల్ ఎక్స్‌పోర్ట్‌కు వాడే ప్రాజెక్టు ఫైళ్లు, గ్రాఫిక్స్, కొన్ని చిన్న చిన్న నోట్స్. ప్రోగ్రామ్ చేసుకునే ఆటోసేవ్ కాపీలు కూడా ఆ ఫోల్డర్ లోపలే ఉండేవి. కాబట్టి అవీ దానితోపాటే పోయాయి.

అప్పుడే తెలిసి ఉంటే సగం గండం గడిచేది. తెలియలేదు. స్థలం దొరికింది కదా అని అప్పటికే తెరిచి ఉన్న మరో సినిమా ఎక్స్‌పోర్ట్ పెట్టారు. గంట తర్వాత ఈ ప్రాజెక్టు తెరవబోతే ఫైలే కనిపించలేదు. కంట్రోల్ జెడ్ కొట్టి చూశారు, పని చేయలేదు. షిఫ్ట్ డిలీట్‌ను కంట్రోల్ జెడ్ వెనక్కి తిప్పలేదు, తిప్పి తేవడానికి బిన్‌లో ఏమీ ఉండదు కాబట్టి.

నాకు ఫోన్ చేసినప్పుడు ఆవిడ అన్న మొదటి మాట: "రికవరీ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ అయిందండీ, ఇన్‌స్టాల్ చేస్తున్నా."

"ఆపండి. ఎక్స్‌పోర్ట్ కూడా ఆపేసి, మెషీన్ షట్‌డౌన్ చేయండి. ఏమీ సేవ్ చేయకండి, బ్రౌజర్ కూడా తెరవకండి."

"ఎక్స్‌పోర్ట్ వేరే ఫోల్డర్‌లోకి వెళ్తోంది కదండీ?"

ఈ ప్రశ్న అందరూ అడుగుతారు. వేరే ఫోల్డర్ అన్నది మన కంటికి మాత్రమే. డిస్కుకు ఫోల్డర్లతో పని లేదు, ఖాళీగా ఉన్న క్లస్టర్లే, అంటే డేటా పెట్టుకునే చిన్న చిన్న గడులే కావాలి. షిఫ్ట్ డిలీట్ చేసినప్పుడు ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ లోపలి డేటాను తాకదు. ఎంఎఫ్‌టీ అనే పట్టికలో ఆ ఫైల్‌కు ఉన్న రికార్డు మీద ఇది ఇక వాడకంలో లేదని గుర్తు పెడుతుంది. ఆ ఫైల్ కూర్చున్న క్లస్టర్లు ఖాళీ అని ఇంకో చోట రాసుకుంటుంది. ఇల్లు కూల్చలేదు, అద్దెకు అని బోర్డు పెట్టారంతే. తర్వాత ఆ డ్రైవ్‌లో ఏది రాసినా ఆ ఇంట్లోకి దిగవచ్చు: ఎక్స్‌పోర్ట్ ఫైల్, బ్రౌజర్ కాష్, ఆఖరికి రికవరీ కోసం ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామే.

ఇదంతా హార్డ్‌డిస్కు కథ. ఎస్‌ఎస్‌డీ దగ్గరికి వచ్చేసరికి ఇంకో పాత్ర వస్తుంది. దాని పేరు ట్రిమ్. క్లస్టర్లు ఖాళీ అయ్యాయని విండోస్ తన దగ్గర రాసుకుని ఊరుకోదు, ఎస్‌ఎస్‌డీకి కూడా కబురు పంపుతుంది. ఎస్‌ఎస్‌డీ ఆ చోట్లను ఇక నాకు అక్కర్లేనివిగా లెక్కేసుకుంటుంది. ఆ తర్వాత చాలా డ్రైవ్‌లు ఆ చోటు చదవమంటే సున్నాలే తిరిగిస్తాయి, లోపలి చిప్‌లో పాత డేటా ఇంకా మిగిలి ఉన్నా సరే. ఆపైన తీరిక దొరికినప్పుడు దాన్ని నిజంగానే చెరిపేస్తాయి. విండోస్ ట్రిమ్ పంపుతోందో లేదో ఇలా చూడొచ్చు:

```
fsutil behavior query DisableDeleteNotify
```

ఆవిడ మెషీన్‌లో జవాబు `NTFS DisableDeleteNotify = 0` అని వచ్చింది. ఇక్కడ చాలామంది తికమకపడతారు. సున్నా అంటే ఆపి ఉంచలేదని, అంటే ట్రిమ్ నడుస్తోందని. ఈ జవాబు చూడగానే సీ డ్రైవ్ మీద నాకు ఆశ పోయింది, ఆ మాట ఆవిడతో అప్పుడే చెప్పేశాను. అయినా ప్రయత్నం చేశాం, ఎందుకో కింద చెప్తాను.

ముందు డీ డ్రైవ్. డిస్కును ఆ మెషీన్ నుంచి తీసి, అదే సైజున్న వేరే డిస్కు మీదికి సెక్టార్ల వారీగా క్లోన్ చేశాను. అసలు డిస్కు పక్కన పెట్టి ప్రయోగాలన్నీ క్లోన్ మీదే చేయాలి. ఒక పద్ధతి బెడిసికొడితే ఇంకో పద్ధతికి చోటుంటుంది. ఫైళ్లను మామూలుగా కాపీ చేస్తే కుదరదని వేరే చెప్పక్కర్లేదు, డిలీట్ అయినవి ఆ కాపీలో రావు. క్లోన్ నా మెషీన్‌లో జీ డ్రైవ్‌గా కూర్చుంది, తిరిగొచ్చిన ఫైళ్లు పెట్టడానికి ఎఫ్ డ్రైవ్. వాడింది మైక్రోసాఫ్ట్ వాళ్లు ఉచితంగా ఇచ్చే విండోస్ ఫైల్ రికవరీ. ఇది కమాండ్‌తో నడుస్తుంది, విండోస్ 10 వెర్షన్ 2004 నుంచి పని చేస్తుంది. వెతికే డ్రైవ్, పెట్టే డ్రైవ్ ఒకటే కాకూడదన్నది దాని నియమం.

```
winfr G: F: /regular /n \Work\render_audio\
```

రెగ్యులర్ మోడ్‌తో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈ మోడ్ ఎంఎఫ్‌టీ రికార్డుల ఆధారంగా వెతుకుతుంది. రికార్డు మిగిలి ఉంటే పేరు, ఫోల్డర్, ఫైల్ ముక్కలు డిస్కులో ఏ వరుసలో ఎక్కడెక్కడ ఉన్నాయో అన్నీ దొరుకుతాయి. పెద్ద ఆడియో ఫైళ్లు తరచూ ముక్కలుగా ఉంటాయి కాబట్టి ఈ వరుస చాలా ముఖ్యం. రికార్డు పోయిందంటే ఫైల్ మొదట్లో ఉండే గుర్తును పట్టుకుని డిస్కంతా గాలించాలి. అలా దొరికినవాటికి పేర్లుండవు, ముక్కలైన ఫైళ్లు మొదటి ముక్క దగ్గరే తెగిపోతాయి.

46లో 45 పేర్లతో సహా వచ్చాయి. సైజులు కూడా సరిగ్గా ఉన్నాయి. చాలామంది ఇక్కడితో ఊపిరి పీల్చుకుని కేసు మూసేస్తారు. కానీ పేరు, సైజు వచ్చేది ఎంఎఫ్‌టీ రికార్డు నుంచి. అవి సరిగ్గా ఉన్నంత మాత్రాన లోపలి డేటా సరిగ్గా ఉన్నట్టు కాదు. అందుకే ప్రతి ఫైల్‌నూ మొదటి నుంచి చివరిదాకా వినమన్నాను. మూడింటిలో మధ్యలో గొంతు తెగిపోయి కీచుమని రొద వినిపించింది. ఎక్స్‌పోర్ట్ నడిచిన ఆ గంటలో ఎడిటింగ్ ప్రోగ్రామ్ తన తాత్కాలిక ఫైళ్లను డీ డ్రైవ్‌లోనే రాసుకుంది, అవి ఈ మూడింటి క్లస్టర్లలో కొన్నింటి మీద పడ్డాయి. అసలు కనిపించని నలభై ఆరోదాని రికార్డును కొత్త ఫైలేదో తీసేసుకుంది. డిస్కంతా గాలించే ఎక్స్‌టెన్సివ్ మోడ్‌లో కూడా అది దొరకలేదు. మొత్తం మీద 42 మంచివి, 4 పోయినవి. ఆ నాలుగింటి ముడి రికార్డింగులు ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉన్నాయి కాబట్టి శుభ్రం చేసే పని మాత్రం మళ్లీ చేయాల్సి వచ్చింది.

ఇక సీ డ్రైవ్. ఇదే కమాండ్, ఇదే పద్ధతి. స్క్రీన్ మీద చూస్తే డీ కన్నా బాగా కనిపించింది! ప్రాజెక్టు ఫైళ్లు, గ్రాఫిక్స్, ఆటోసేవ్ కాపీలు, అన్నీ పేర్లతో, సైజులతో వచ్చేశాయి. ఆవిడ ముఖం వెలిగిపోయింది. నేను అప్పుడే సంతోషపడొద్దన్నాను. ప్రాజెక్టు ఫైల్ ఒకటి తీసి లోపల ఏముందో పవర్‌షెల్‌లో చూపించాను:

```
Format-Hex .\film_v7.proj
```

మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా అన్నీ `00`లే. ఎస్‌ఎస్‌డీ కేసుల్లో మనిషిని మోసం చేసేది ఇదే. ఎంఎఫ్‌టీ పట్టిక వాడకంలోనే ఉంటుంది కాబట్టి ట్రిమ్ దాని జోలికి పోదు, పేరూ సైజూ భద్రంగా ఉంటాయి. ఫైల్ డేటా ఉన్న క్లస్టర్లు మాత్రం అప్పటికే తుడిచిపెట్టుకుపోయి ఉంటాయి. ముందు ఉచితంగా స్కాన్ చేసి, దొరికిన ఫైళ్ల జాబితా చూపించి, తర్వాత డబ్బు అడిగే రికవరీ ప్రోగ్రాములు ఉన్నాయి కదా, వాటి జాబితాను ఎస్‌ఎస్‌డీ మీద నమ్మకండి. ఒక ఫైల్ లోపలి భాగం చూపిస్తుందా అని అడగండి. ప్రివ్యూ ఖాళీగా వస్తే డబ్బు కట్టినా ఖాళీయే వస్తుంది.

అయినా ప్రయత్నించమన్నది ఎందుకంటే, సీ డ్రైవ్ నుంచి ఆరు ఫైళ్లు మాత్రం పూర్తిగా, అక్షరం పోకుండా వచ్చాయి. అన్నీ ఆవిడ రాసుకున్న చిన్న టెక్స్ట్ నోట్స్: ఏ షాట్ ఎక్కడ పెట్టాలి, ఏ రంగు ఎంత తగ్గించాలి లాంటివి, ఒక్కోటి నాలుగైదు లైన్లు. సుమారు 700 బైట్ల లోపు ఉన్న ఫైల్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్ విడిగా క్లస్టర్ ఇవ్వదు, డేటాను ఎంఎఫ్‌టీ రికార్డులోనే ఇరికిస్తుంది. క్లస్టరే లేకపోతే ట్రిమ్ చేయడానికీ ఏమీ లేదు. రికార్డును కొత్త ఫైల్ తీసుకోనంత వరకు ఆ నాలుగు లైన్లూ అక్కడే ఉంటాయి. పోయిన ప్రాజెక్టును మళ్లీ కట్టుకోవడానికి ఆ నోట్స్ ఎంత పనికొచ్చాయో ఆవిడే చెప్పాలి. ప్రాజెక్టు ఫైల్ పాత వెర్షన్ ఒకటి సౌండ్ మిక్సింగ్ చేసే అతనికి పంపిన ఈమెయిల్‌లో దొరికింది. దానిపైన ఈ నోట్స్ పెట్టుకుని మిగిలిన మార్పులు చేతితో చేసుకున్నారు. రికవరీ పనిలో నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఇదే: ఈ ఫైల్‌ను ఎప్పుడైనా, ఎవరికైనా, ఏ రూపంలోనైనా పంపారా? డిస్కు స్కాన్ కన్నా ముందు అడగాల్సింది ఇది.

ఈ కేసు నుంచి తేలే లెక్కను కాస్త విప్పి చెప్తాను. షిఫ్ట్ డిలీట్ మీద జనంలో రెండు నమ్మకాలున్నాయి. ఒకటి, అలా తీసేసినా ఎవరో ఒకరు తిరిగి తెస్తారులే అని. రెండు, అలా తీసేస్తే ఎవరికీ దొరకదని. రెండోదాన్ని నమ్మి పాత కంప్యూటర్ ఇంకొకరికి ఇచ్చే ముందు సొంత ఫోటోలు, బ్యాంకు కాగితాలు షిఫ్ట్ డిలీట్ చేసి ఇచ్చేస్తుంటారు. హార్డ్‌డిస్కు మీద మొదటి నమ్మకం చాలావరకు నిజం, రెండోది అబద్ధం. ఎస్‌ఎస్‌డీ మీద లెక్క దాదాపు తిరగబడుతుంది. అంటే ఎస్‌ఎస్‌డీలో పోకూడదనుకున్నప్పుడు పోతుంది, హార్డ్‌డిస్కులో పోవాలనుకున్నప్పుడు ఉంటుంది. హార్డ్‌డిస్కులో నిజంగా చెరపాలంటే డిలీట్ చేశాక `cipher /w:D:\` కమాండ్ ఇస్తే ఆ డ్రైవ్‌లోని ఖాళీ స్థలం మీద విండోస్ వేరే డేటా రాసేస్తుంది. పెద్ద డిస్కయితే చాలాసేపు పడుతుంది. ఎస్‌ఎస్‌డీలోనూ అన్నిసార్లూ ఇంతే అనుకోవద్దు. యూఎస్‌బీ పెట్టెల్లో పెట్టిన కొన్ని ఎస్‌ఎస్‌డీలకు ట్రిమ్ కబురు అందదు, అప్పుడు అవి హార్డ్‌డిస్కులాగే ప్రవర్తిస్తాయి.

షిఫ్ట్ నొక్కకపోయినా షిఫ్ట్ డిలీట్ అయిపోయే చోట్లు కూడా ఉన్నాయి. నెట్‌వర్క్ షేర్ మీది ఫైల్‌ను మామూలుగా డిలీట్ చేసినా మీ బిన్‌లోకి రాదు. పెన్‌డ్రైవ్‌ల మీదా సాధారణంగా అంతే. కమాండ్ ప్రాంప్ట్‌లో `del` ఇస్తే బిన్ ఊసే ఉండదు. బిన్‌కు కేటాయించిన సైజు కన్నా పెద్ద ఫైల్ అయితే, ఇది బిన్‌లో పట్టదు, శాశ్వతంగా తీసేయమంటారా అని విండోస్ అడుగుతుంది. రోజూ చూసే పెట్టే కదా అని ఎంటర్ కొడితే అంతే సంగతులు. ఇందుకు భిన్నంగా వన్‌డ్రైవ్‌తో సింక్ అయ్యే ఫోల్డర్లో షిఫ్ట్ డిలీట్ చేస్తే ఇక్కడ పోయినా వెబ్‌లోని వన్‌డ్రైవ్ బిన్‌లో ఉంటుంది. సొంత ఖాతాలో అయితే 30 రోజులు. కాబట్టి ఎవరైనా భయపడుతూ ఫోన్ చేస్తే ఫైల్ ఏ ఫోల్డర్లో ఉండేదని ముందు అడుగుతాను.

ఎప్పుడు వాడొచ్చంటే, ఆ ఫైల్‌ను యంత్రం మళ్లీ పుట్టించగలిగితే వాడొచ్చు. రెండర్ కాష్, ఎడిటింగ్ కోసం చేసుకున్న తేలికపాటి ప్రాక్సీ కాపీలు, జిప్ ఉండగా విప్పిన ఫోల్డర్, మళ్లీ డౌన్‌లోడ్ అయ్యే ఇన్‌స్టాలర్, ఇవన్నీ ఆ కోవలోవే. కంప్యూటర్లోకి కాపీ చేశాక కెమెరా కార్డులో మిగిలిన ఫుటేజ్ కూడా ఆ కోవలోదే, అయితే కాపీని తెరిచి ఆడించి చూశాక మాత్రమే. మనిషి చేతి పని ఉన్న ఏ ఫైల్ అయినా, ఎంత చిన్నదైనా ఆ కోవలోకి రాదు. ఈ గీత తెలియక ఆవిడ పోగొట్టుకోలేదు, గీతకు ఇటూ అటూ ఉన్నవాటికి ఒకే పేరు పెట్టి, ఒకే సెర్చ్‌తో ఎత్తారు. నిర్ధారణ పెట్టె ఇక్కడ కాపాడదు. అది అడిగే క్షణంలో మనిషికి అనుమానం ఉండదు, అనుమానం వచ్చేది గంట తర్వాత. బిన్ పనికొచ్చేది ఆ గంటకే.

ఆవిడ సెటప్‌లో మేం చేసిన మార్పులు తక్కువే. షిఫ్ట్ డిలీట్‌ను ఆపేయడానికి విండోస్ సెట్టింగుల్లో ఒక బటన్ ఏమీ లేదు. అందుకే దాని అవసరమే లేకుండా చేశాం. కాష్ కోసం ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ విడిగా పెట్టి, దానికి ఆర్ అనే అక్షరం ఇచ్చి, రెండు ఎడిటింగ్ ప్రోగ్రాముల కాష్ దారినీ దానివైపు మళ్లించాం. రీసైకిల్ బిన్ ప్రాపర్టీస్‌లో సెట్టింగు ఒక్కో డ్రైవ్‌కూ విడివిడిగా ఉంటుంది. ఆర్ డ్రైవ్‌కు మాత్రం `Don't move files to the Recycle Bin` ఎంచుకున్నాం. ఇప్పుడు అక్కడ మామూలు డిలీట్ నొక్కితేనే స్థలం వెంటనే ఖాళీ అవుతుంది. సీ, డీ డ్రైవ్‌లలో బిన్ సైజు పెంచాం. అంటే ఆవిడకు ఏ డ్రైవ్ మీదా షిఫ్ట్ వేలు పెట్టాల్సిన పని లేదు. వేలికి పాత అలవాటు ఇంకా ఉందనుకోండి, అది పోవడానికి కొంత కాలం పడుతుంది.

సీ, డీలలో ఎప్పుడైనా స్థలం కోసం ఏదైనా పెద్ద ఫోల్డర్ తీసేయాల్సి వస్తే ఒక పద్ధతి పెట్టుకోమన్నాను. ముందు ఆ ఫోల్డర్ పేరుకు `_del` తగిలించాలి. తర్వాత ప్రాజెక్టు తెరవాలి. ఏదైనా ఆ ఫోల్డర్ మీద ఆధారపడి ఉంటే ఆ క్లిప్పులు ఆఫ్‌లైన్ అని ఎర్రగా కనిపిస్తాయి, పేరు వెనక్కి మారిస్తే సరిపోతుంది. ఏమీ ఎర్రబడకపోతే అప్పుడు తీసేయొచ్చు. నడుస్తున్న ప్రాజెక్టు ఒకటే అయితే ఈ పరీక్ష బాగా పని చేస్తుంది. మూసి పెట్టిన పాత ప్రాజెక్టులు కూడా అదే ఫోల్డర్‌ను వాడుతుంటే వాటిని కూడా ఒకసారి తెరిచి చూడాలి, ఎర్ర గీతలు తెరిచిన ప్రాజెక్టులోనే కనిపిస్తాయి కాబట్టి.